డీటాక్స్ టీ తాగిన మర్నాడు పొద్దున్నే అయ్యే మోషన్లలో బయటికి పోతున్నదేమిటి?

ప్రశ్న: 28 రోజుల డీటాక్స్ టీ కోర్సు కొన్నాను. ఈ రోజుకి 12 రోజులు. రాత్రి పడుకునే ముందు తాగితే పొద్దున్నే కడుపు మెలిపెట్టి మూడు నాలుగు సార్లు మోషన్ అవుతోంది. 2 కేజీలు తగ్గాను. కానీ మధ్యాహ్నానికి నీరసం, రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి. అమ్మినావిడ "అది టాక్సిన్స్ బయటికి పోతున్న గుర్తు, ఆపొద్దు, కోలన్ క్లెన్స్ కిట్ కూడా మొదలుపెట్టు" అంటోంది. నా వయసు 41, బీపీకి మాత్ర వేసుకుంటాను. కంటిన్యూ చేయనా?

జవాబు:

వద్దండీ, ఈ రాత్రి నుంచే ఆపేయండి. కిట్ అసలు తెరవకండి.

మిగతా వివరం కంటే ముందు ఒక పని చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నలో నాకు టెన్షన్ పెట్టింది మోషన్లు కాదు, పిక్కలు పట్టేయడమూ బీపీ మాత్రా. మీ మాత్ర స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్ అనే మూడు పేర్లలో ఏదైనా ఉందా? బీపీ మాత్రల్లో చాలావాటిలో ఒక్కటే మందు ఉండదు, రెండో మందుగా ఇవి కలిసి ఉంటాయి. ఇవి మూత్రం ద్వారా ఉప్పుని, దాంతో పాటు పొటాషియాన్ని బయటికి పంపుతాయి. మీరు తాగుతున్న టీ మోషన్ ద్వారా అదే పొటాషియాన్ని పంపుతోంది. రెండు వైపులా పోతుంటే కండరాలు పట్టేయడం, నీరసం రావడం మామూలే. రేపు పొద్దున్నే దగ్గరలోని ల్యాబ్‌లో సీరం ఎలక్ట్రోలైట్స్, క్రియాటినిన్ పరీక్ష చేయించండి. పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. 3.5 కంటే తక్కువ వస్తే ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే మాత్రం ఇప్పుడే మీ డాక్టర్‌కి ఫోన్ చేసి, మాత్ర ఏం చేయమంటారో అడగండి.

ఇక టీ సంగతి. నేను పద్దెనిమిదేళ్లుగా పొట్ట, పేగుల జబ్బులకే వైద్యం చేస్తున్నాను. ఇలాంటి డబ్బాలు పట్టుకొచ్చినవాళ్లని చాలామందినే చూశాను. డబ్బా ముందువైపు పుదీనా, అల్లం, సోంపు, నిమ్మగడ్డి బొమ్మలుంటాయి. వాటిని పక్కనపెట్టి వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. సెన్నా అనో, సోనాముఖి అనో, స్వర్ణపత్రి అనో, కేసియా ఆంగుస్టిఫోలియా అనో దొరుకుతుంది. నాలుగూ ఒకటే మొక్క. మన పెద్దవాళ్లకి తెలిసిన పేరు సునాముఖి ఆకు, కొన్నిచోట్ల నేలతంగేడు అంటారు. తమిళనాడులో తిరునెల్వేలి వైపు దీన్ని పంటగా వేసి ప్రపంచమంతా ఎగుమతి చేస్తారు, అందుకే వైద్య గ్రంథాల్లో దీనికి తిన్నెవెల్లి సెన్నా అనే పేరు స్థిరపడింది. ఇది విరేచనాల మందు. వందల ఏళ్లుగా అదే పనికి వాడుతున్నారు. మలబద్ధకానికి మేమూ రాస్తాం, మెడికల్ షాపులో మాత్రగానూ దొరుకుతుంది. సెన్నా లేని డబ్బాల్లో దాని బదులు రేవల్చిని, మూసాంబరం, కాస్కరా బెరడు లాంటివి ఉంటాయి. అవీ అదే జాతి రసాయనాలతో అదే పని చేసేవే.

రాత్రి పడుకునే ముందే తాగమని ఎందుకు చెప్పారో గమనించారా? సెన్నాలో సెన్నోసైడ్లు అనే పదార్థాలుంటాయి. కడుపులోగానీ చిన్న పేగులోగానీ అవి అరగవు, ఏ పనీ చేయవు. అలాగే జారుకుంటూ పెద్ద పేగు చేరతాయి. అక్కడుండే బ్యాక్టీరియా వాటిని విడగొట్టి అసలు మందుగా మారుస్తాయి. ఆ మందు పేగు గోడని గుంజి కదిలిస్తుంది, గోడ నీళ్లు పీల్చుకోకుండా ఆపుతుంది. ఈ ప్రయాణానికీ మార్పుకీ కలిపి 6 నుంచి 12 గంటలు పడుతుంది. రాత్రి పదింటికి తాగితే పొద్దున ఆరేడింటికి మెలిపెట్టేది అందుకే. విషాలు కదిలి వస్తున్నాయన్నది అబద్ధం. ఆ మందు ఎవరికిచ్చినా, ఒంట్లో ఏ దోషమూ లేని మనిషికిచ్చినా, సరిగ్గా అదే టైమ్‌కి అదే జరుగుతుంది.

మోతాదు సంగతి కూడా చెప్పాలి. మలబద్ధకానికి పెద్దవాళ్లకి రోజుకి సెన్నోసైడ్లు 15 నుంచి 30 మిల్లీగ్రాములు చాలు. అదీ అవసరమైన కొద్ది రోజులే, వారం రెండు వారాలకి మించి డాక్టర్ని అడగకుండా వాడకూడదు. మంచి సునాముఖి ఆకులో దాదాపు రెండున్నర శాతం సెన్నోసైడ్లుంటాయి. అంటే టీ సంచిలో ఒక గ్రాము ఆకు వేస్తే 25 మిల్లీగ్రాములు, గ్రామున్నర వేస్తే 37 దాకా. అందులో ఎంత నీళ్లలోకి దిగుతుందన్నది మీరు మూడు నిమిషాలు నానబెట్టారా, ఫోన్ చూస్తూ పావుగంట మర్చిపోయారా అన్నదాని మీద ఆధారపడుతుంది. మాత్రలో అయితే ఎంతుందో రాసి ఉంటుంది. టీలో మీరు రోజూ తాగేది ఎంతో మీకు తెలియదు, అమ్మినావిడకీ తెలియదు. పైగా కోర్సు 28 రోజులన్నారు. ఒక డాక్టర్ ఈ మందుని ఈ మోతాదులో మలబద్ధకం లేని మనిషికి 28 రోజులు రాస్తే మనం తప్పు అంటాం. టీ పేరు పెట్టి అమ్మితే అది తప్పు కాకుండా పోదు.

తగ్గిన ఆ 2 కేజీల గురించి. అది కొవ్వు కాదు. మనం తిన్న అన్నం, పప్పు, నూనెల్లోని శక్తి దాదాపు అంతా చిన్న పేగులోనే ఒంటికి పట్టేస్తుంది. సెన్నా పనిచేసేది ఆ తర్వాత వచ్చే పెద్ద పేగులో. అక్కడికి చేరేసరికి మిగిలేది నీళ్లు, ఉప్పులు, పీచు, బ్యాక్టీరియా. 1983లో అమెరికాలో పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. విరేచనాల మందు భారీగా వేసుకునేవాళ్లకి 4 నుంచి 6 లీటర్ల దాకా నీళ్ల విరేచనాలైనా, ఒంటికి పట్టే క్యాలరీలు తగ్గింది 12 శాతమే. అంత ప్రాణాంతకమైన స్థాయిలో వేసుకుంటేనే ఆ కాస్త. మీ మూడు నాలుగు మోషన్లకి తగ్గేది లెక్కలోకి రాదు. త్రాసులో కనిపించే తగ్గుదల పేగులో ఖాళీ అయిన మలం, ఒంట్లోంచి పోయిన నీళ్లు. ఆపిన వారంలో అది తిరిగి వస్తుంది, వచ్చినప్పుడు మీరు భయపడకూడదు. ఎందుకో చెప్పడానికి నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి సంగతి చెప్తాను.

ఇరవై తొమ్మిదేళ్ల అమ్మాయి, పెళ్లికి మూడు నెలల ముందు. కింద కూర్చుంటే చేతులు నేలకి ఆనించకుండా లేవలేకపోతున్నానని వచ్చింది. మెట్లెక్కితే తొడలు తేలిపోతున్నాయట, రెండు రోజులుగా గుండె దడ. వాళ్లమ్మ నరాల జబ్బేమో అని ఏడుస్తోంది. ఈసీజీలో పొటాషియం పడిపోయినప్పుడు కనిపించే మార్పులున్నాయి. రక్తంలో పొటాషియం 2.4 వచ్చింది. వాంతులు లేవు. "మందులేమైనా వాడుతున్నావా అమ్మా?" అని మూడుసార్లు అడిగాం, మూడుసార్లూ లేదంది. మూత్రంలో పొటాషియం చాలా తక్కువగా వచ్చింది. అంటే కిడ్నీ దాన్ని పోనివ్వకుండా గట్టిగా పట్టుకుంటోంది, పోతున్నది పేగు దారిలోనే. అప్పుడు "మోషన్ ఎలా అవుతోంది?" అని విడిగా కూర్చోబెట్టి అడిగితే, రోజుకి ఆరేడుసార్లు అని చెప్పింది. "అది డీటాక్స్ టీ వల్ల సార్, అది మందు కాదు కదా" అంది. తను అబద్ధం చెప్పలేదు. టీని మందు కింద లెక్కేయాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు, అంతే. మొదట ఒక సంచి తాగేదట. మూడో వారానికి దాని పనితనం తగ్గినట్టనిపించి రెండు, తర్వాత మూడు సంచులు కలిపి మరిగించి తాగింది. రెండున్నర నెలలు అలా నడిచింది.

పొటాషియాన్ని సెలైన్‌లో కలిపి, గుండె మీద మానిటర్ పెట్టి, గంటకి 10 మిల్లీ ఈక్వివలెంట్లకి మించకుండా నెమ్మదిగా ఎక్కించాం. తొందరపడితే అదే గుండెని ఆపేస్తుంది. మెగ్నీషియం కూడా తగ్గి ఉంది, అదీ ఇచ్చాం, ఎందుకంటే అది సరికాకుండా పొటాషియం నిలవదు. మూడో రోజుకి లేచి నడిచింది. ఐదో రోజుకి బరువు 2.8 కేజీలు పెరిగి పాదాలు ఉబ్బాయి. ఆ ఉబ్బు చూసే ఆమె అన్నిటికంటే ఎక్కువ భయపడింది. ఇంటికెళ్లి మళ్లీ టీ మొదలుపెట్టాలని కూడా అనుకుందట.

ఈ పెరుగుదల ఎలా వస్తుందో తెలిస్తే ఆ ఉచ్చులో పడరు. రోజూ నీళ్లు, ఉప్పు పోతుంటే శరీరం కరువొచ్చిందనుకుని ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్ని పెంచుతుంది. అది ఉన్న ఉప్పునీ నీటినీ కిడ్నీ దగ్గరే ఆపి దాచుకోమంటుంది. మనం టీ ఆపగానే ఆ హార్మోన్ తగ్గిపోదు. కొన్ని రోజుల పాటు తాగిన నీళ్లన్నీ ఒంట్లోనే నిలుస్తాయి. త్రాసు ఎక్కితే కేజీ రెండు కేజీలు పెరిగి కనిపిస్తాయి. "చూశారా, ఆపగానే టాక్సిన్స్ మళ్లీ చేరాయి" అని అమ్మేవాళ్లు చెప్పేది ఇక్కడే, చాలామంది రెండో డబ్బా కొనేదీ ఇక్కడే. ఒకటి రెండు వారాల్లో అది దానంతట అదే దిగిపోతుంది. ఆ అమ్మాయికీ అలాగే దిగింది.

ఇప్పుడు మీకు అంటగట్టాలని చూస్తున్న కిట్. ఇలాంటి కిట్లలో సాధారణంగా ఇసబ్గోల్ పొట్టు, బెంటొనైట్ అనే బంకమట్టి, ఒక విరేచనాల మాత్ర ఉంటాయి. రెండో మూడో రోజు మోషన్‌లో రబ్బరు తాడులా, పేగు ఆకారంలో, నల్లగా జిగురుగా ఒక పదార్థం పడుతుంది. దాని ఫోటోలు పెట్టి, ఏళ్ల తరబడి పేగు గోడకి అతుక్కున్న మురికి అని చూపిస్తారు. ఒక గ్లాసు నీళ్లలో ఇసబ్గోల్ వేసి గంటసేపు వదిలేయండి, ఎలా గట్టిపడుతుందో చూస్తారు. దానికి బంకమట్టి కలిసి, పేగులో నీళ్లు ఇంకి, పేగు అచ్చులోనే గట్టిపడితే వచ్చేదే ఆ తాడు. మీరు మింగిందే బయటికొస్తోంది. నేను కొలనోస్కోపీలు చేస్తాను. పరీక్షకి ముందు పేగు శుభ్రమయ్యే ద్రావణం తాగిస్తాం, తర్వాత కెమెరాతో లోపలి గోడంతా చూస్తాం. లేత గులాబీ రంగులో, తడిగా, కింద రక్తనాళాలు కనిపించేంత నున్నగా ఉంటుంది. ఇన్నేళ్లలో ఎవరి పేగులోనూ అలా అతుక్కుపోయిన పొర ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి రాలిపోయి కొత్తది వస్తూనే ఉంటుంది, ఇక ఏళ్ల మురికి దేనికి అంటుకుని ఉంటుంది? గోడ రంగు మారి కనిపించేది ఎక్కువగా నెలల తరబడి సెన్నా లాంటివి వాడినవాళ్లలో. గోధుమ, నలుపు మచ్చలతో పాము చర్మంలా ఉంటుంది. మెలనోసిస్ కోలై అంటాం. క్యాన్సర్ కాదు, ఆపితే కొన్ని నెలల్లో పోతుంది.

లివర్ ఫ్లష్ అని ఆలివ్ నూనె, నిమ్మరసం, ఎప్సమ్ సాల్ట్ తాగించేదీ ఇలాంటిదే. ఎప్సమ్ సాల్ట్ అంటే మన భేది ఉప్పే. మర్నాడు ఆకుపచ్చ గోళీల్లాంటివి పడతాయి, పిత్తాశయంలో రాళ్లు పోయాయని సంబరపడతారు. 2005లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్లు ఒక పేషెంట్ తెచ్చిన అలాంటి రాళ్లని పరీక్షించి రాశారు. అవి 40 డిగ్రీల వేడికి కరిగిపోయాయి. కొలెస్టరాల్, బిలిరూబిన్, కాల్షియం ఏవీ లేవు. తాగిన నూనె, నిమ్మరసం కలిసి కడుపులో కట్టిన సబ్బు ఉండలవి. ఆమె అసలు రాళ్లు లోపలే ఉండిపోయాయి, చివరికి ఆపరేషన్ చేసే తీశారు. నిజంగా రాయి ఉన్నవాళ్లు ఇది నమ్మి ఆలస్యం చేయడమే నాకు బాధ కలిగించే విషయం.

మరి ఒంట్లో విషాలుండవా అంటే, ఉంటాయి. రోజూ తయారవుతూనే ఉంటాయి. పప్పు తింటే, మాంసం తింటే అమ్మోనియా పుడుతుంది. అది పేరుకుంటే మెదడు మొద్దుబారుతుంది, కోమాలోకి వెళ్తారు. లివర్ దాన్ని గంట గంటకీ యూరియాగా మారుస్తుంది, కిడ్నీ మూత్రంలో పంపేస్తుంది. తలనొప్పికి వేసుకున్న పారాసిటమాల్‌కి నీళ్లలో కరిగే ఒక తోకని తగిలించి వదిలేదీ లివరే, ఆ రాత్రికల్లా అది దాదాపుగా వెళ్లిపోతుంది. కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, కావలసిందంతా వెనక్కి తీసుకుని, ఒకటి రెండు లీటర్లు బయటికి పంపుతాయి. ఈ పని పేగుని కదిలిస్తే వేగమవదు. రక్తంలో ఉన్న పదార్థం మోషన్‌లో పోవాలంటే ముందు లివర్ దాన్ని మార్చి పిత్తరసంలో వదలాలి. సెన్నా లివర్ పనిలో ఏ సాయమూ చేయదు. ఇంకా చెప్పాలంటే, నీళ్లు తగ్గిపోతే కిడ్నీకి వచ్చే రక్తం తగ్గి, ఆ అసలైన శుద్ధి కుంటుపడుతుంది.

నిజంగా విషం తీయాల్సి వచ్చినప్పుడు ఏం చేస్తామో మన ఊళ్లలో తెలియనివాళ్లు తక్కువ. పురుగుమందు తాగినవాళ్లని తెస్తారు. ఆర్గానోఫాస్ఫరస్ మందైతే అట్రోపిన్ ఇస్తాం, ఊపిరితిత్తుల్లో నీరు ఆరేదాకా ఇస్తూనే ఉంటాం. పారాసిటమాల్ ఎక్కువ మింగితే ఎసిటైల్‌సిస్టీన్, కిడ్నీలు ఆగిపోతే డయాలసిస్. ఏ విషమో పేరు తెలుసు, ఎంతుందో కొలత తెలుసు, దానికి తగిన మందు తెలుసు. అమ్మినావిడని ఒక్కటే అడగండి: నా ఒంట్లోంచి పోతున్న టాక్సిన్ పేరేమిటి, టీకి ముందు ఎంతుంది, తర్వాత ఎంతుంది? 2009లో బ్రిటన్‌లో కొందరు యువ శాస్త్రవేత్తలు 15 డీటాక్స్ ఉత్పత్తుల తయారీదారులకి ఇలాంటి ప్రశ్నలే వేశారు. సరైన ఆధారం ఒక్కరూ చూపించలేకపోయారు. డీటాక్స్ అంటే ఏమిటన్నదానికి కూడా వాళ్లలో ఒకరి మాటకి ఇంకొకరి మాటకి పొంతన లేదు.

చిన్నప్పుడు మా నాయనమ్మ కూడా మాకు ఆముదం పట్టేది. తెల్లవారుజామున లేపి, ముక్కు మూసి పోసేది. ఆ రోజంతా చారన్నమే. దాన్ని విరేచనాల మందు అనే అనేవాళ్లు, ఇంకో పేరు లేదు. ఏడాదికి ఒకటి రెండు సార్లకి మించి పట్టేవాళ్లు కాదు. అది అవసరమని నేను చెప్పడం లేదు, ఇప్పుడు పిల్లలకి పట్టమనీ చెప్పను. కానీ ఆ పనిని దాని పేరుతోనే పిలిచేవాళ్లు. మీకు అమ్మిన డబ్బా మీద విరేచనాల టీ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే మీరు 12 రోజులు తాగేవారు కాదు.

ఆపాక ఏం జరుగుతుందో, ఏం చేయాలో చెప్తాను. రెండు మూడు రోజులు మోషన్ రాకపోవచ్చు. పెద్ద పేగు పూర్తిగా ఖాళీగా ఉంది, నిండడానికి అంత సమయం కావాలి. ఇది చూసి మలబద్ధకం అనుకుని మళ్లీ టీ తాగడమే చాలామంది చేసే పొరపాటు. మీరు వాడింది 12 రోజులే కాబట్టి ఒక్కసారిగా ఆపేయొచ్చు. నెలల తరబడి వాడినవాళ్లయితే డాక్టర్ సలహాతో ఆపాలి. ఈ రెండు రోజులు మోషన్లు ఇంకా అవుతుంటే, ప్యాకెట్ మీద చెప్పినన్ని నీళ్లలో ఓఆర్ఎస్ కలిపి కొద్దికొద్దిగా తాగండి. కిడ్నీ సమస్య లేదని క్రియాటినిన్ రిపోర్ట్‌లో తేలాక కొబ్బరినీళ్లు, అరటిపండు కూడా తీసుకోవచ్చు. తర్వాత ఆకుకూరలు, బీరకాయ, పొట్టు పప్పులు, జామకాయ, సరిపడా నీళ్లు. నాలుగు రోజులు దాటినా మోషన్ రాక ఇబ్బందిగా ఉంటే రాత్రి ఒక చెంచా ఇసబ్గోల్ పెద్ద గ్లాసు నిండా నీళ్లతో తాగండి. నీళ్లు తక్కువైతే అది లోపల గట్టిపడుతుంది.

గుండె దడ, లేచి నడవలేనంత నీరసం, మోషన్‌లో రక్తం, తగ్గని కడుపునొప్పి, ఏడెనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏదున్నా ల్యాబ్ రిపోర్ట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే, మాత్ర వేసుకున్న మూడు నాలుగు గంటల్లోపు నీళ్ల విరేచనాలైన రోజుల్లో అది ఒంటికి పట్టకపోయి ఉండొచ్చు, ఆ విషయం కూడా డాక్టర్‌కి చెప్పండి.

వెళ్లేటప్పుడు టీ డబ్బా, బీపీ మాత్ర స్ట్రిప్ రెండూ వెంట తీసుకెళ్లండి. కొన్ని బరువు తగ్గించే పొడుల్లో, టీల్లో లేబుల్ మీద రాయని సిబుట్రమైన్ దొరికిన సందర్భాలున్నాయి. గుండెకి ముప్పని 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి తీసేసిన మందది, బీపీని పెంచుతుంది. టీ మొదలుపెట్టినప్పటి నుంచి మీ బీపీ పెరిగిందా, నిద్ర తగ్గిందా, ఆకలి చచ్చిపోయిందా? అయితే ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పండి. మందులేం వాడుతున్నారని అడిగినప్పుడు, టీ పేరు కూడా ఆ జాబితాలోనే చెప్పండి.